చామనఛాయకు ఫౌండేషన్: నరాలు కాదు, మెడ చూడండి

ప్రశ్న: నా చేతి నరాలు ఆకుపచ్చగా ఉంటాయి కాబట్టి నా చర్మం అడుగు ఛాయ బంగారు రంగుది, అంటే నాది వార్మ్ అండర్‌టోన్ అన్నారు. కానీ వార్మ్ షేడ్ వేస్తే ముఖం నారింజ రంగులోకి పోతోంది. నాది చామనఛాయ. ఏ షేడ్ తీసుకోవాలి?

జవాబు: నరాల పరీక్షను పక్కన పెట్టేయండి. మన చర్మంలోని పసుపు ఛాయ వల్ల చాలామందికి నరాలు ఆకుపచ్చగానే కనిపిస్తాయి. దాంతో బంగారు, గులాబీ ఏదీ ఎక్కువ లేని న్యూట్రల్ వాళ్లూ, కాస్త ఆకుపచ్చ కలిసిన ఆలివ్ వాళ్లూ కూడా వార్మ్ లెక్కలోకి వెళ్లిపోతారు.

మా ఆడపడుచుకూ ఇదే ఇబ్బంది. పొద్దున పదింటప్పుడు ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూశాను. నేరుగా ఎండ పడితే ఎవరి చర్మమైనా పసుపుగా కొడుతుంది. గోడ రంగు కూడా ముఖం మీద పడుతుంది, మా హాల్లోని లేత ఆకుపచ్చ గోడ పక్కన తను పాలిపోయినట్టు కనిపించింది. అందుకే భుజాల చుట్టూ తెల్ల తువ్వాలు కప్పాను. ముఖానికి పసుపు రాసుకునే అలవాటుంటే ఆ రంగు పూర్తిగా పోయాకే చూడండి, లేకపోతే లేని వార్మ్ కనిపిస్తుంది.

చూడాల్సింది మెడ. నుదురు, మూతి చుట్టూ మనలో చాలామందికి నలుపు ఎక్కువ, దాన్ని బట్టి షేడ్ తీసుకుంటే ముఖం ఒకటి, మెడ ఒకటి అవుతుంది. తెల్ల గుడ్డ పక్కన ఆమె మెడ బంగారు రంగులోనూ లేదు, గులాబీగానూ లేదు, కాస్త పచ్చి ఆలివ్ కాయ ఛాయ కొట్టింది. దవడ నుంచి మెడ మీదికి దిగేలా ఒకే ముదురులో మూడు గీతలు గీశాం: గోల్డెన్, న్యూట్రల్, ఆలివ్. గోల్డెన్ గీత వేయగానే నారింజగా తేలింది, న్యూట్రల్ కొంచెం గులాబీగా కనిపించింది, ఆలివ్ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె షేడ్ అదే.

గీతలు గీసిన వెంటనే తేల్చేయకండి, పావుగంట, వీలైతే అరగంట ఆగండి. మీ సమస్యకు అసలు కారణం అక్కడే తెలుస్తుంది. వేసిన క్షణం నుంచే నారింజగా ఉంటే అండర్‌టోన్ తప్పు. మొదట కలిసిపోయి, తర్వాత ముదిరి నారింజకు తిరిగితే ఆ ఫౌండేషన్ ఆక్సిడైజ్ అవుతోంది, అప్పుడు అండర్‌టోన్ మార్చక్కర్లేదు, అర షేడ్ లేతది గానీ వేరే ఫార్ములా గానీ చూడండి. బూడిద పూసినట్టుంటే మాత్రం మరీ తెల్ల షేడో, గులాబీ ఎక్కువున్నదో అయి ఉంటుంది. రోజూ రాసే సన్‌స్క్రీన్ మీదే పరీక్షించండి, తెల్లగా తేలే సన్‌స్క్రీన్ అయితే కింద నుంచి అదీ రంగు మారుస్తుంది.

షాపులో అయితే టెస్టర్ దవడ మీద రాసుకుని, బయట నీడలోకి వచ్చి ఫోన్ కెమెరాలో కాకుండా చేతి అద్దంలో చూసుకోండి. ఇక డబ్బా మీద అక్షరాలు: చాలా బ్రాండ్లలో డబ్ల్యూ అంటే వార్మ్, సీ అంటే గులాబీ వైపుండే కూల్. మ్యాక్‌లో మాత్రం ఎన్‌సీ బంగారు ఛాయకు, ఎన్‌డబ్ల్యూ గులాబీ ఛాయకు.