భర్త పాలసీ క్లెయిమ్: బ్రాంచ్‌కి ఇచ్చే మొదటి లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: మా ఆయన గుండెపోటుతో హాస్పిటల్లో చనిపోయారు. రెండేళ్ల కిందట తీసుకున్న జీవిత బీమా పాలసీలో నామినీని నేనే. బ్రాంచ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఇంకో కాగితం కావాలంటున్నారు, ఇప్పుడు వారసత్వ సర్టిఫికెట్ కూడా తెమ్మంటున్నారు. ఏజెంటు ఫోన్ ఎత్తడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఇప్పటిదాకా మీరు రాసి ఇచ్చింది ఏమైనా ఉందా? నోటితో చెప్పడమే జరిగి ఉంటే, కంపెనీ రికార్డుల్లో మీ క్లెయిమ్ ఇంకా మొదలైనట్టు కాదు. బ్రాంచ్ మేనేజర్ పేరున ఈ లెటర్ ఇవ్వండి:

"విషయం: పాలసీ నం. ______ మరణ క్లెయిమ్ సమాచారం. పై పాలసీదారు, నా భర్త శ్రీ ______ తేదీ ______ న ______ ఆసుపత్రిలో మరణించారు. మరణ కారణం: ఆసుపత్రి సర్టిఫికెట్‌లో ఉన్న ప్రకారం ______. నేను నామినీని. మరణ ధ్రువీకరణ పత్రం, నా ఆధార్, పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు, పాలసీ బాండ్, డిశ్చార్జ్ లేదా డెత్ సమ్మరీ, వీటి కాపీలు జతపరిచాను. ఒరిజినల్స్ అడిగినప్పుడు చూపిస్తాను. క్లెయిమ్ ఫారాలు ఇవ్వగలరు. ఇవి కాక ఇంకేమైనా పత్రాలు కావాలంటే, అన్నిటినీ ఒకే జాబితాగా, ఏ పత్రం ఎందుకో రాసి, లిఖితపూర్వకంగా ఇవ్వగలరు."

కింద సంతకం, తేదీ, ఫోన్ నంబరు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీతో ముద్ర వేయించుకోండి. 'ముద్ర వేయం, ఇక్కడ పెట్టి వెళ్లండి' అంటే అక్కడ గొడవ పడొద్దు, అదే లెటర్ అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్ట్‌లో పంపి, కంపెనీ గ్రీవెన్స్ ఈమెయిల్‌కి కూడా పంపండి.

లెటర్‌లోని చివరి వాక్యం మీదే నేను ఎక్కువ పట్టుబడతాను. పత్రాలు విడతలవారీగా కాకుండా వీలైనంత వరకు ఒకేసారి అడగాలని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2017 నిబంధనల్లోనే చెప్పింది. 2024 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం విచారణ అక్కర్లేని మరణ క్లెయిమ్‌కి 15 రోజులు, విచారణ అవసరమైతే 45 రోజులు గడువు. కంపెనీలు మాత్రం గడువును 'మీరు చివరి కాగితం ఇచ్చిన రోజు' నుంచి లెక్కేస్తామంటాయి, ఆ చివరి కాగితం ఎప్పటికీ చివరిది కాదు! చేతిలో జాబితా రాతపూర్వకంగా ఉంటే ఆ సాకు నిలవదు.

మీది రెండేళ్ల పాలసీ కాబట్టి విచారణ ఉంటుందనే అనుకోండి. బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించలేరు. అంతకు ముందైతే, పాలసీ తీసుకునేటప్పుడు ముఖ్యమైన విషయం దాచారేమో చూస్తారు. మధ్యలో ప్రీమియం ఆగి, పాలసీని మళ్లీ రివైవ్ చేసి ఉంటే ఆ మూడేళ్లు రివైవల్ తేదీ నుంచి మళ్లీ మొదలవుతాయి. అందుకే ఆసుపత్రి కేసు షీట్లు, వైద్యం చేసిన డాక్టరు సర్టిఫికెట్ అడుగుతారు. ఎల్‌ఐసీ అయితే మీరు నింపేది 3783 ఫారం, డాక్టరు నింపేది 3784, ఆసుపత్రిది 3816. ఇవి అడగడం తప్పు కాదు, ఇవ్వాల్సిందే.

ఇక్కడే ఒక జాగ్రత్త. మరణ కారణం గడిలో సర్టిఫికెట్‌లో ఉన్న మాటే రాయండి. 'ఎప్పటినుంచో షుగర్ ఉండేది అనుకుంటా' లాంటి అంచనా వాక్యం ఒక్కటి చాలు, దాన్ని పట్టుకుని పాత జబ్బు దాచారని తిప్పి రాస్తారు. దాచమని కాదు, తెలిసింది అడిగితే నిజమే చెప్పండి, తెలియనిది ఊహించి రాయొద్దు. అలాగే ఏజెంటు తెచ్చే ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు.

ఇక వారసత్వ సర్టిఫికెట్. పాలసీలో నామినీగా మీ పేరు నమోదై ఉంటే దాని అవసరం లేదు. సెక్షన్ 39 కింద నామినీకి చెల్లిస్తే కంపెనీ బాధ్యత తీరిపోతుంది, పైగా 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీగా ఉంటే డబ్బు మీద హక్కు కూడా మామూలుగా వాళ్లదే. కౌంటర్లో మళ్లీ అడిగితే 'జాబితాలో రాసి ఇవ్వండి సార్' అనండి చాలు, సగం సార్లు రాయరు. నామినేషన్ లేకపోయినా, నామినీ ముందే చనిపోయినా, లేదా ఎవరైనా కోర్టు నుంచి స్టే తెచ్చినా అప్పుడు కథ వేరు.

గడువు దాటినా కదలకపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఫిర్యాదు, దాంతోపాటు ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో నమోదు (ఫోన్ 155255). నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు, కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే బీమా అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ హైదరాబాద్ ఆఫీసే. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు. అక్కడ మొదట అడిగేది ముద్ర వేయించుకున్న ఆ లెటర్ కాపీనే.