ఎ4 పీడీఎఫ్‌ను లెటర్ కాగితంపై ప్రింటు తీసేటప్పుడు

అమెరికాకు కొత్తగా వచ్చినవారు ఇంటి నుంచి తెప్పించుకున్న పీడీఎఫ్‌ను ప్రింటు తీసి, పేజీ చిన్నదైపోయిందనీ తెలుగు అక్షరాలు మారిపోయాయనీ నన్ను తరచుగా అడుగుతుంటారు. ప్రింటరు పాడైందనుకుని కొత్తది కొనేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఈ రెండింటికీ కొత్త ప్రింటరు అక్కర్లేదు.

మన దగ్గర తయారయ్యే పత్రాలు ఎ4 కొలతలో, అంటే 210 × 297 మిల్లీమీటర్లలో ఉంటాయి. ఇక్కడి ప్రింటర్లలో ఉండే లెటర్ కాగితం 216 × 279 మాత్రమే. అది వెడల్పులో కాస్త ఎక్కువైనా పొడవులో 18 మిల్లీమీటర్లు తక్కువ కాబట్టి, `Fit` అనే సెట్టింగు పేజీ మొత్తాన్ని దాదాపు 94 శాతానికి కుదిస్తుంది. నేను వచ్చిన కొత్తలో ఒక దరఖాస్తును ఇలాగే ప్రింటు తీయించుకున్నాను. ఫొటో కోసం 2 అంగుళాలు ఉండవలసిన గడి స్కేలుతో కొలిస్తే 48 మిల్లీమీటర్లకు కాస్త లోపే తేలింది, ఫొటో అందులో పట్టలేదు. దుకాణంలో పేజీకింతని చెల్లించి అదే సెట్టింగుతో మళ్లీ తీయించినా ఫలితం మారలేదు. చివరికి కారణం నేనే కనిపెట్టాను. ఫొటో కొలత నియమాలను దరఖాస్తు సూచనల్లో మీరే చూసుకోగలరు.

అడోబీ రీడర్‌లో ప్రింటు పెట్టె తెరిచి `Fit` బదులు `Actual size` ఎంచుకోండి. పేజీ మధ్యకు సర్దుకుంటే పైనా కిందా తొమ్మిదేసి మిల్లీమీటర్లు తెగుతాయి, ప్రింటరు అచ్చు వేయలేని అంచు మరికొంత పోతుంది. మూల పత్రంలో అంగుళం ఖాళీ ఉంటే అక్షరం నష్టపోదు. రాత అంచుదాకా ఉంటే మాత్రం ఎ4 కాగితమే తెచ్చి, ప్రింటరులో కూడా ఆ కొలతే పెట్టాలి. బ్రౌజరు నుంచి తీసేవారు `Scale` 100 ఉందో లేదో చూడండి. ప్రింటరు సొంత సెట్టింగుల్లోనూ కుదింపు ఉంటే పేజీ రెండుసార్లు తగ్గుతుంది. ముందుగా ఒక్క పేజీ తీసి స్కేలుతో కొలిచాకే మిగతావి తీయండి, బాబూ, ఇంకు చవక కాదు.

అక్షరాల విషయంలో మొదట తెర చూడాలి. తెరపై సరిగానే ఉండి కాగితంపై మారితే, ప్రింటు పెట్టెలోని `Advanced`లో `Print As Image` పెట్టండి, పేజీ బొమ్మగా వెళ్తుంది కనుక ప్రింటరు తన ఫాంటును చొప్పించలేదు. తెరపైనే ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తే ఆ ఉపాయం పనిచేయదు. `Ctrl+D` నొక్కి `Fonts` చూడండి, ఫాంటు పేరు పక్కన `Embedded` అని లేకపోతే అది ఫైలులో రాలేదన్నమాట. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో చేసిన పత్రాల్లో ఇది మామూలే. అప్పుడు పంపినవారి చేతనే వర్డ్ ఫైలును `PDF/A` పద్ధతిలో మళ్లీ సేవ్ చేయించండి, ఆ పద్ధతిలో ఫాంట్లు ఫైలులోనే ఉండి తీరాలి. ఫాంటు లైసెన్సు అందుకు ఒప్పుకోకపోతే, వారే యూనికోడ్ ఫాంటులోకి మార్చి పంపాలి.