పన్నెండు ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి రాయి

చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. కానీ రెండో పేజీలో ఈ వాక్యం చదివి కాగితాలు పక్కన పెట్టేశాను: “ఆక్సిజన్ పరమాణువులు రెండు ఎలక్ట్రాన్ జంటలను పంచుకుంటాయి, అందుకే ద్రవ ఆక్సిజన్ ఇనుములా అయస్కాంతానికి అతుక్కుంటుంది.” ఆ ‘అందుకే’ ఎక్కడి నుంచి వచ్చింది నాయనా?

ప్రతి ఎలక్ట్రాన్‌నూ చిన్న అయస్కాంతంలా చేసే గుణం స్పిన్. జంటలోని ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకదానికొకటి ఎదురు. వాటి అయస్కాంత ప్రభావాలు పరస్పరం రద్దయిపోతాయి. నువ్వు గీసిన O=O బొమ్మలో వెలుపలి ఎలక్ట్రాన్లు పన్నెండూ జంటలుగానే ఉన్నాయి. ఆ బొమ్మే నిజమైతే ద్రవ ఆక్సిజన్, ద్రవ నైట్రోజన్ లాగే అయస్కాంత ధ్రువాల మధ్య నుంచి కిందికి జారిపోవాలి. అలా జరగదు. 1891లో లండన్‌లో శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవర్ విద్యుదయస్కాంతం దగ్గర పెట్టినప్పుడు ఆ ద్రవం ధ్రువాలకు ఎగబాకి అంటుకుంది. అంటే నీ బొమ్మ చెప్పేదానికి సరిగ్గా విరుద్ధమైనది నీ వ్యాసంలోని ప్రధాన విషయం. పాఠకుడికి ముందు ఈ చిక్కు చూపించాలి. నువ్వు దాన్ని దాటేశావు.

ఈ విషయంలో నాకు పాత కోపం ఒకటి ఉంది. మద్రాసులో ఒక పత్రికకు ఇదే విషయం రాసినప్పుడు, నేను గీసిచ్చిన శక్తి స్థాయిల పటాన్ని సంపాదకుడు తీసేసి, చుక్కలతో O=O బొమ్మ వేయించాడు. పాఠకులకు పటాలు కష్టమట! పైన రెండు ఒంటరి ఎలక్ట్రాన్ల గురించి నా వాక్యాలు, కింద ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేని బొమ్మ. పాఠకుడు లెక్కపెట్టలేడని అనుకునే వాళ్లంటే నాకు ఈనాటికీ సహించదు. ఎలక్ట్రాన్లను అతని కళ్లముందే ఒక్కొక్కటిగా నింపి చూపాలి.

అణు ఆర్బిటాళ్ల పద్ధతిలో ఎలక్ట్రాన్లు మొత్తం అణువుకు చెందుతాయి. ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్లు రెండు దాకా పట్టే చోటు. బంధాన్ని బలపరిచేవి బంధక ఆర్బిటాళ్లు, బలహీనపరిచేవి అపబంధక ఆర్బిటాళ్లు. శాస్త్రవేత్త లెనార్డ్-జోన్స్ 1929లో ఆక్సిజన్‌కు చేసి చూపినది ఇదే. పన్నెండింటినీ కింది నుంచి నింపుకుంటూ రా. 2s నుంచి వచ్చిన బంధక, అపబంధక ఆర్బిటాళ్లకు రెండేసి చొప్పున నాలుగు. 2p నుంచి వచ్చిన సిగ్మా బంధక ఆర్బిటాల్‌లో రెండు, రెండు π బంధక ఆర్బిటాళ్లలో నాలుగు. పది అయ్యాయి. మిగిలిన రెండూ π* అనే అపబంధక ఆర్బిటాళ్లలోకే వెళ్లాలి. అవి రెండు ఉన్నాయి, రెండింటి శక్తీ ఒకటే. ఒకటి నిలువు తలంలో, మరొకటి అడ్డు తలంలో ఉంటుంది. అణువు అక్షం చుట్టూ ఏ దిక్కుకూ ప్రత్యేకత లేదు గనుక శక్తిలో తేడా రాదు. అందుకే ఎలక్ట్రాన్లు చెరొకదానిలో చేరి, స్పిన్‌లను ఒకే దిశలో ఉంచుకుంటాయి. అలా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి తప్పించుకుని తిరుగుతాయి, వికర్షణ తగ్గుతుంది. ఆ స్పిన్‌లను ఎదురెదురుగా తిప్పాలంటే మోల్‌కు సుమారు 94 కిలోజౌళ్ల శక్తి కావాలి. అయస్కాంతం పట్టుకునేది ఈ రెండింటినే.

బంధకాల్లో ఎనిమిది, అపబంధకాల్లో నాలుగు. తేడాలో సగం రెండు, అంటే ద్విబంధమే. బంధం బలం విషయంలో పాత బొమ్మ తప్పు కాదు. చివరి ఎలక్ట్రాన్లు నిజంగా అపబంధకంలోనే ఉన్నాయా అని ఎవరైనా అడిగితే, ఒకదాన్ని తీసేసి చూడమను. O₂⁺ అయాన్‌లో బంధం 121 పికోమీటర్ల నుంచి 112కు కుదించుకుపోతుంది. బంధాన్ని బలహీనపరుస్తున్న ఎలక్ట్రాన్ పోయింది కాబట్టే అది బిగుసుకుంది.

సిగ్మా ముందా, π ముందా అని నువ్వు పేజీన్నర రాశావు. అది మొత్తం కొట్టెయ్. ఆక్సిజన్‌లో ఆ రెండు రకాలూ పూర్తిగా నిండిపోతాయి. వాటి వరుస మార్చినా ఒంటరి ఎలక్ట్రాన్లు రెండే మిగులుతాయి. ఆ వాదన అవసరమయ్యేది బోరాన్ అణువు B₂ దగ్గర.

ఇక ‘ఇనుములా’ అన్న మాట. ఇనుములో కోటానుకోట్ల పరమాణువుల స్పిన్‌లు కలిసికట్టుగా ఒకే దిశలో నిలుస్తాయి. ద్రవ ఆక్సిజన్‌లో అలాంటి కట్టు లేదు. మైనస్ 183 డిగ్రీల చలిలో కూడా ఉష్ణచలనం అణువులను చెదరగొడుతూనే ఉంటుంది. ఒక టెస్లా క్షేత్రం వాటిని క్షేత్రం వైపు మొగ్గేలా చేసేది నూటికి సుమారు ఒక వంతు మేరకే. ధ్రువాల అంచుల దగ్గర క్షేత్రం వేగంగా మారుతుంది గనుక ఆ కొద్దిపాటి మొగ్గే ద్రవాన్ని అటు లాగుతుంది. అయస్కాంతం తీసేస్తే ఏమీ మిగలదు. మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్ అణువులూ ఇలాంటివే, కానీ వాయువు కన్నా ద్రవం సాంద్రత 800 రెట్లకు పైగా ఎక్కువ. పైగా చల్లదనం వల్ల ఒక్కో అణువు మొగ్గు కూడా పెరుగుతుంది. కంటికి కనిపించేంత లాగుడు అందుకే ద్రవంలో వస్తుంది.

ఒక్క విషయం మాత్రం ఈరోజే సరిదిద్దు. ద్రవ నైట్రోజన్‌లో ముంచిన గొట్టంలోకి ఆక్సిజన్ పంపి విద్యార్థులు తామే ద్రవం చేసుకోవచ్చని రాశావు. నైట్రోజన్ మైనస్ 196 దగ్గర మరుగుతుంది గనుక ఆక్సిజన్ ద్రవమవడం నిజమే. కానీ గొట్టానికి కాస్త నూనో గ్రీజో అంటి ఉన్నా, పక్కన దూది పడి ఉన్నా, ద్రవ ఆక్సిజన్ తగిలిన చోట చిన్న నిప్పురవ్వ చాలు, పేలుడులా మండిపోతుంది. ఆ పేరా తీసేసి, అనుభవం ఉన్న అధ్యాపకులు ప్రయోగశాలలో చేసి చూపే ప్రదర్శనగా రాసి పంపు. పటం కూడా నువ్వే గీయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు