సాయంత్రం 5 గంటలకు వంటాయనకు ఒక అంకె చాలు

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాది బి.టెక్ పూర్తి చేశాడు. కోచింగ్ కోసం అమీర్‌పేట హాస్టల్‌లో ఉన్నప్పుడు రోజూ అన్నం పారబోయడం చూశాడట. మెస్‌లో వృథా తగ్గించే యాప్ చేస్తాను, మూడు నెలల టైమ్, లక్షన్నర రూపాయలు ఇవ్వమంటున్నాడు. ముందు ఎం.వి.పి., అంటే మినిమమ్ వయబుల్ ప్రొడక్ట్ అనే చిన్న తొలి రూపం మాత్రమే చేస్తాడట, కానీ దాని జాబితాలోనే 22 ఫీచర్లున్నాయి. ఒక కంపెనీని అడిగితే అన్నీ కలిపి 4 లక్షలన్నారు. బంగారం కుదువ పెట్టి కానిద్దామా, ఎం.ఎస్.కి పంపుదామా? రెండూ పోల్చి చెప్పండి. — ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు బంగారం బీరువాలో పెట్టేయండి. లక్షన్నర అడిగినవాడి కోసం 4 లక్షల కొటేషన్ తెప్పించింది మీరే కదా! మీ భయం డబ్బు గురించి కాదని నాకనిపిస్తోంది. బంధువుల్లో ఎవరైనా "అబ్బాయి ఏం చేస్తున్నాడు" అని అడిగితే చూపించడానికి ఫోన్‌లో ఒక మంచి యాప్ ఉండాలి. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ప్రతి దాంట్లోనూ ఫీచర్ల జాబితా పెరిగేది ఈ "చూపించుకోవడం" కోసమే.

నాకు తెలిసిన ఒక కుర్రాడు ఇలాగే ట్యూషన్ సెంటర్ల కోసం యాప్ చేయించాడు. లాగిన్, ఫీజు రసీదులు, హాజరు, మార్కుల గ్రాఫులు అన్నీ పెట్టించాడు. నాలుగు నెలలు పట్టింది, ఇంట్లోవాళ్లు ఇచ్చిన డబ్బంతా అయిపోయింది. తీరా సెంటర్లకు వెళ్తే వాళ్లకు కావలసింది ఒక్కటే, ఫీజు కట్టనివాళ్లకు గుర్తుచేయడం. అది వాళ్లు అప్పటికే ఫోన్ చేసి చేసుకుంటున్నారు. యాప్‌లో మార్పు అడిగితే తయారుచేసిన కంపెనీ మళ్లీ డబ్బు అడిగింది. మార్చడానికి చేతిలో రూపాయి లేదు. తక్కువ డబ్బున్నవాడు పనిని బయటి కంపెనీకి అప్పగిస్తే వచ్చే చిక్కు ఇదే. మొదటి నెలలోనే ఆలోచన నాలుగుసార్లు మారుతుంది, మారినప్పుడల్లా బిల్లు వస్తుంది.

ఎం.వి.పి. అంటే చిన్న యాప్ అని మీ అబ్బాయి అనుకుంటున్నాడు. అసలు పని అది కాదు. తన ఆలోచనలో ఏ ఒక్క మాట తప్పైతే మొత్తం కూలిపోతుందో, ఆ మాటను అతి తక్కువ ఖర్చుతో పరీక్షించడమే ఎం.వి.పి. అతని ఆలోచనలో ఆ మాట ఏది? యాప్ తయారవుతుందా అన్నది కాదు, బి.టెక్ కుర్రాడు తయారుచేయగలడు. హాస్టల్ పిల్లలు "ఈ రాత్రి తినను" అని ముందే చెబుతారా? చెప్పినా వంటాయన ఆ మాట నమ్మి బియ్యం తగ్గిస్తాడా? ఈ రెండే. నా అనుమానమంతా రెండో దాని మీదే. ఒక్క రాత్రి అన్నం తక్కువైతే తిట్లు పడేది యాప్‌కు కాదు, వంటాయనకు. అలా ఒకసారి జరిగిందంటే ఇక ఏ అంకె చెప్పినా తలూపి, పాత కొలతే పోస్తాడు.

అందుకని ఎం.వి.పి. ఇంతే: సాయంత్రం 5 గంటలకు వంటాయనకు ఒక అంకె అందాలి. 22 ఫీచర్లనూ ఒక్కొక్కటిగా తీసుకుని, "ఇది లేకపోతే 5 గంటలకు ఆ అంకె అందదా?" అని అడగమనండి. లాగిన్ లేకపోయినా అందుతుంది. మెనూ, రేటింగులు, పాయింట్లు, ఓనర్ డాష్‌బోర్డు, ఆన్‌లైన్ పేమెంట్, ఏవీ లేకపోయినా అందుతుంది. చివరికి మిగిలేవి మూడు: అడగడం, లెక్కపెట్టడం, చెప్పడం. ఈ మూడూ చేత్తో చేయొచ్చు.

అడగడంలో ఒక కిటుకు ఉంది. "ఎవరెవరు తింటారు?" అంటే సగం మంది జవాబివ్వరు, అంకె పనికిరాకుండా పోతుంది. "వద్దనుకునేవాళ్లు మాత్రమే చెప్పండి" అని అడగాలి. చెప్పనివాళ్లంతా తింటారనే లెక్క. అబ్బాయిల హాస్టల్‌లో ఉన్న వాట్సాప్ గ్రూపులోనే సాయంత్రం 4 గంటలకు పోల్ పెట్టొచ్చు. అందులో రెండే ఎంపికలు: "రాత్రి భోజనం వద్దు", "ఆలస్యంగా వస్తాను, ఉంచండి". అమ్మాయిల హాస్టల్‌లో మాత్రం ఆ పోల్ వద్దు. ఎవరు ఏది నొక్కారో గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. ఏ అమ్మాయి ఆ రాత్రి ఆలస్యంగా వస్తుందో ఊరందరికీ చెప్పినట్టవుతుంది. అక్కడ గూగుల్ ఫామ్ వాడాలి, లింకు వార్డెన్ పంపాలి, మీవాడు ఆ గ్రూపులో ఉండకూడదు. ఇక వంటాయన చేతులు తడిగా ఉంటాయి, ఫోన్ ఎక్కడో చార్జింగ్‌లో ఉంటుంది. అంకెను వంటింటి గోడ మీది బోర్డుపై సుద్దముక్కతో రాస్తే చాలు.

ఇప్పుడు ఒక హాస్టల్‌తో లెక్క వేద్దాం. ఉండేది 80 మంది. అనుభవంతో వంటాయన 70 మందికి వండుతాడు, 60 మంది తింటారు. రోజూ పది మంది భోజనం మిగులుతుంది. ఒక్కో భోజనానికి సరుకుల ఖర్చు 30 రూపాయలనుకుంటే రోజుకు 300, నెలకు 9,000. అందులో సగం ఆగినా ఓనర్‌కు 4,500 మిగులుతుంది, అప్పుడు మీవాడికి 500 ఇవ్వడానికి వెనకాడడు. గమనించారా, లెక్క 80 నుంచి కాదు, 70 నుంచి మొదలైంది. వంటాయన కొంత వృథాను ఇప్పటికే ఆపేస్తున్నాడు. దీన్ని మరిచిపోతే కాగితం మీద లాభం రెండింతలు కనిపిస్తుంది.

మొదటి వారం ఏమీ మార్చకూడదు. ఒక తూకం కొనుక్కుని, రోజూ రాత్రి మిగిలిన అన్నం తూచి రాసుకోవాలి. తిన్నవాళ్లను కూడా లెక్కపెట్టాలి, అంటే 8 నుంచి పదిన్నర దాకా మెస్‌లో కూర్చోవాలి. విసుగు పుట్టే పనే. కానీ ఈ వారం లేకపోతే తర్వాత తగ్గిందో లేదో ఎవరూ చెప్పలేరు. రోజుకు మూడున్నర కిలోల అన్నం మిగులుతోందని తేలిందనుకుందాం.

రెండో వారం నుంచి అడగడం మొదలుపెట్టాలి. 15 మంది "వద్దు" నొక్కారనుకోండి. మొదటి రోజే పదిహేనూ తీసేస్తే కొంప మునుగుతుంది. ఆ పదిహేనుమందిలో ముగ్గురు చివరి నిమిషంలో మనసు మార్చుకుని కంచం పట్టుకుని వస్తారు. పైగా వంటాయన ఇప్పటికే పది మందిని తగ్గించి వండుతున్నాడు. అందుకని బోర్డు మీద 65 కాదు, 68 రాయాలి. ఎంతమంది మాట నిలబెట్టుకుంటున్నారో చూసి, ఒక్కొక్కటిగా తగ్గించుకుంటూ రావాలి. వారాంతం, మామూలు రోజులు వేరు కాబట్టి సోమవారాన్ని సోమవారంతోనే పోల్చాలి. సంక్రాంతి, దసరా సెలవుల వారాలను లెక్కలో కలపనే కూడదు.

నాలుగో వారం చివర చూడాల్సింది ఇది: మీవాడు పక్కన లేనప్పుడు కూడా వంటాయన బోర్డు చూసి బియ్యం కొలుస్తున్నాడా? మిగిలిన అన్నం రెండు కిలోలకు దిగిందా? ఐదో వారం ఓనర్‌ను వచ్చే నెలకు 500 రూపాయలు ముందుగా అడగాలి. "చాలా బాగుంది తమ్ముడూ, తర్వాత చూద్దాం" అంటే లేదనే అర్థం. కుర్రాళ్లు మోసపోయేది ఈ మాట దగ్గరే. రెండు హాస్టళ్లతో మొదలుపెట్టి, ఇద్దరు ఓనర్లూ ఇవ్వకపోతే అక్కడ ఆపాలి. ఏ అంకె వస్తే ఆపాలో మొదటి రోజే కాగితం మీద రాసి మీ దగ్గర పెట్టమనండి. తర్వాత రాస్తే ఆ అంకె జారుతూ పోతుంది.

ఓనర్లు డబ్బిస్తేనే ఆరో వారం నుంచి కోడ్. అప్పుడు కూడా యాప్ వద్దు, ఫోన్ బ్రౌజర్‌లో తెరుచుకునే ఒక్క పేజీ చాలు. ప్లే స్టోర్‌లో యాప్ పెట్టడానికి తెరిచే ఖాతాకు 25 డాలర్లే, అది పెద్ద విషయం కాదు. కానీ 2023 నవంబరు తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే, యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష జరపాలి. పన్నెండు వారాలున్నవాడికి అందులో రెండు వారాలంటే మాటలు కాదు. ఈ లెక్కన మొదటి ఐదు వారాల్లో తిండీ బసా కలిపి 20,000 దాటకూడదు. మీవాడు అదే హాస్టల్‌లో ఉంటే రెండు పనులూ ఒకేసారి అవుతాయి. మిగతా డబ్బు మీ దగ్గరే ఉంచండి. అలాగని రోజూ ఫోన్ చేసి లెక్కలు అడక్కండి, బడి రిజిస్టరు కాదది.

రెడ్‌బస్ మొదలైనప్పటి సంగతి చెబుతాను. తెలంగాణ కుర్రాడు ఫణీంద్ర సామకు 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఊరికి బస్సు టికెట్ దొరకలేదు. మిత్రులతో కలిసి ముందు బస్సు ఆపరేటర్ల కోసం సాఫ్ట్‌వేర్ రాశాడు. ఆపరేటర్లు ఆసక్తి చూపలేదు. తర్వాత వాళ్ల దగ్గర కొన్ని సీట్లు తీసుకుని ప్రయాణికులకు అమ్మడం మొదలుపెట్టారు, అది నడిచింది. మీవాడికి వంటాయన అలాంటి ఆపరేటరే కావచ్చు. ఆ సంగతి 4 లక్షలు పోయాక కంటే నాలుగో వారంలో తెలియడం నయం.

నా మనసులో మాట కూడా చెప్పాలి. వ్యాపార ఆలోచనను జడ్జీల ముందు వినిపించే పిచింగ్ పోటీలు, స్టేజీ మీద చెక్కులు, "ఫౌండర్" అని రాసిన విజిటింగ్ కార్డులు, వీటి మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మూడు నెలల్లో రెండు వారాలు స్లైడ్లకే పోతాయి. పిల్లాడు జడ్జీలకు నచ్చేలా ఆలోచించడం నేర్చుకుంటాడు, హాస్టల్ ఓనర్‌కు నచ్చేలా కాదు. ఈ మూడు నెలలూ ఒక్క పోటీకీ వెళ్లొద్దని చెప్పండి.

ఎం.ఎస్.తో పోల్చమన్నారు. జి.ఆర్.ఇ. సంగతులు మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను. స్కోరు ఐదేళ్లు పనికొస్తుంది, మూడు నెలలకు ఆ దారి మూసుకుపోదు. ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా "మూడు వారాల్లో మిగిలిన అన్నాన్ని మూడున్నర కిలోల నుంచి రెండుకు తగ్గించాను, ఓనర్లు మాత్రం డబ్బివ్వలేదు, ఎందుకంటే..." అని చెప్పగలిగేవాడి మాట ఎవరైనా ఆగి వింటారు. ఓడిపోయినా వాడి చేతిలో రోజువారీ లెక్కల పుస్తకం ఉంటుంది. టెన్షన్ పడకండి, మీవాడు చూసిన సమస్య నిజమైనదే. మెస్‌లో నిలబడి చూసినవాడికే ఇలాంటి ఆలోచన వస్తుంది.

ఈ ఆదివారం అబ్బాయితో కలిసి తూకం కొనడానికి వెళ్లండి. పది కిలోలు తూగేది చాలు. హాస్టల్ ఓనర్ దగ్గరికి మాత్రం వాణ్ణి ఒక్కడినే పంపండి.