అరబిక్ బోర్డు ఫోటో: నిలువు రాత, తారుమారయ్యే వేళలు

ప్రశ్న: "గల్ఫ్‌కి కొత్తగా వచ్చాను. షాపుల బోర్డులు ఫోటో తీసి ఫోన్‌లో అనువదిస్తుంటే అడ్డంగా ఉన్నవి పర్వాలేదు గానీ, నిలువుగా ఉన్నవి అర్థంపర్థం లేకుండా వస్తున్నాయి. తలుపు మీద రాసిన వేళలు కూడా తేడాగా ఉంటున్నాయి. ఏం చెయ్యాలి?"

నేను షార్జాలో ఉన్న రోజుల్లో మా గదిలోవాళ్ళకి ఈ బోర్డులు చదివిపెట్టే పని నా మీదే పడేది. నాకు అరబిక్ మాట్లాడటం రాదు, అక్షరాలు మాత్రం పట్టుబడ్డాయి. బోర్డులకి ఆ మాత్రం చాలు.

ముందు నిలువు బోర్డుల సంగతి. అరబిక్‌లో అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి, అక్షరం కింద అక్షరం పెట్టి రాయడం ఆ లిపికి నప్పదు. అందుకే నిలువు బోర్డు మామూలుగా రెండు రకాల్లో ఒకటై ఉంటుంది. ఒకటి, మాట కింద మాట పేర్చినది. ఇందులో ప్రతి మాటా అడ్డంగానే ఉంటుంది, తిప్పాల్సిన పనిలేదు, పై నుంచి కిందికి చదువుకోవడమే. రెండోది, మొత్తం వరుసనే పక్కకి పడుకోబెట్టినది. మీకు అర్థంపర్థం లేకుండా వస్తున్నవి చాలావరకు ఇవే అయుంటాయి. ఫోటోని ఒక పావు తిప్పు తిప్పి మళ్ళీ ఇవ్వాలి.

ఎటు తిప్పాలన్నదే అసలు చిక్కు. అటు తిప్పాల్సింది ఇటు తిప్పితే రాత తలకిందులవుతుంది. అయినా ఫోన్ ఊరుకోదు, ఏదో ఒకటి చదివేస్తుంది. ఉదాహరణకి మందుల షాపు బోర్డు: صيدلية النور. రెండో మాట చూడండి. కుడివైపు మొదట్లో రెండు నిలువు గీతలు ఉన్నాయి, అలిఫ్, లామ్. అవి వరుస మీద నిటారుగా పైకి నిలబడాలి. అదే మాట చివర్న వావ్, రా అనే అక్షరాల తోకలు కిందికి జారాలి. గీతలు పైకి, తోకలు కిందికి ఉంటే ఫోటో సరిగ్గా ఉన్నట్టు. తలకిందులైతే చుక్కలు కూడా మోసం చేస్తాయి. మొదటి మాటలో రెండో అక్షరం 'యా'కి కింద రెండు చుక్కలుంటాయి. అవి పైకి వెళ్ళాయంటే అది 'తా'లా కనబడుతుంది, ఇక మాటే మారిపోతుంది.

ఫోటో నుంచి కాపీ చేసిన అక్షరాలు వెనక నుంచి ముందుకి వచ్చాయేమో అని అనుమానమొస్తే ఒక గుర్తు ఉంది. ة అనే అక్షరం మాట చివర్నే వస్తుంది, అంటే మాటకి ఎడమ కొసన. అది కుడి కొసన, మాట మొదట్లో కనబడిందంటే క్రమం తిరగబడినట్టే. అలాంటిదాన్ని అనువదించి లాభం లేదు, ఫోటో మళ్ళీ తీసుకోండి.

ఇక వేళలు. నన్నడిగితే జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఒక తలుపు మీద ఇలా ఉందనుకోండి:

٨ - ١٢

కుడి చివర ఉన్నది ఎనిమిది, ఎడమ చివర ఉన్నది పన్నెండు. మనం అలవాటు కొద్దీ ఎడమ నుంచి చదివి, పన్నెండింటికి తెరిచి ఎనిమిదింటికి మూస్తారనుకుంటాం. అరబిక్‌లో వరుస కుడి నుంచి మొదలవుతుంది కాబట్టి అది ఎనిమిది నుంచి పన్నెండు దాకా. మధ్యాహ్నం మూసి సాయంత్రం మళ్ళీ తెరిచే షాపులు చాలా ఉంటాయి, కింద ఇంకో వరుస ఉందేమో చూడండి. అయితే ఏ అంకెకి ఆ అంకె మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికే: ١٢ లో ఒకటి ఎడమన, రెండు కుడిన. ఫోన్ నంబరు కూడా అంతే, తిప్పి రాసుకోవద్దు.

మనకి తెలిసిన 8, 12 లాంటి అంకెలతో రాస్తే ఏ క్రమంలోనైనా ఉండొచ్చు. అప్పుడు మాటలు పట్టుకోవాలి: من, 'మిన్' అని చదవాలి, అంటే నుంచి; إلى అంటే వరకు. 'మిన్' పక్కన ఎడమవైపు ఉన్నదే తెరిచే వేళ. صباحاً అని ఉంటే ఉదయం, مساءً అని ఉంటే సాయంత్రం.

అంకెల్లో ఇంకో మాయ ఉంది. ٧ ఏడు, ٨ ఎనిమిది. ఒకటి కింద మొన, ఇంకొకటి పైన మొన, అంతే తేడా. ఫోటో తలకిందులైతే రెండూ తారుమారు. ٥ సున్నాలా ఉంటుంది గానీ అయిదు. సున్నా అంటే ఒట్టి చుక్క, ٠. మురికి పట్టిన బోర్డు మీద ఆ చుక్కని ఫోన్ వదిలేస్తే పది కాస్తా ఒకటవుతుంది. అంకెల దగ్గర మాత్రం అనువాదాన్ని నమ్మకుండా ఫోటోని పెద్దది చేసి కళ్ళతో చూసుకోండి, పది గుర్తులే కదా.

రెండు భాషల బోర్డుల్లో ఎడమ సగం ఇంగ్లీషు, కుడి సగం అరబిక్ ఉంటే ఫోన్ రెండింటినీ ఒకే వరుసగా కలిపేస్తుంది. అరబిక్ భాగం వరకే కత్తిరించి ఇవ్వండి. భాషని ఫోన్‌కి వదిలెయ్యకుండా అరబిక్ అని మీరే ఎంచుకోండి. ఉర్దూ, పారసీ బోర్డులు కూడా అదే లిపిలో ఉంటాయి, చిన్న ముక్క చూసి ఏ భాషో పోల్చుకోవడం కష్టం.

సాగదీసి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి అలంకారంగా రాసిన పేర్ల మీద మాత్రం టైం పెట్టకండి. అవి మామూలుగా షాపు పేర్లే. ఏం అమ్ముతారో కింద చిన్న అక్షరాల్లో సాదాగా ఉంటుంది, ఆ ముక్క ఫోటో తీస్తే సరిపోతుంది.