కథలో వరసగా వచ్చే ‘అని’లు ఇంగ్లీషులోకి ఎలా?

ప్రశ్న: ‘అన్నాడని చెప్పిందని అన్నాడు’ లాంటి వాక్యాలు పెద్ద కథలో అడుగడుగునా వస్తుంటే, ఇంగ్లీషులో సహజంగా ఎలా రాయాలి?

అన్నిటికంటే లోపలి మాటను ముందు చెప్పి, దాన్ని ఎవరు ఎవరితో అన్నారన్నది చిన్న వాక్యాలుగా విడగొట్టాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి అసలు మాట మొదటే వినిపిస్తుంది. ఇంగ్లీషులో ‘సెడ్ దట్’లు ముందు పేరుకుని అసలు మాట వెనకబడుతుంది.

‘మామ రేపు ఒంగోలు వస్తానన్నాడని అత్త చెప్పిందని తమ్ముడు అన్నాడు.’ ఇక్కడ ‘వస్తాను’ అన్నది మామే. అందుకే ‘ఐ’ కాదు, మామ పేరే రాయాలి. గతంలో నడిచే కథలో ‘విల్’ ‘వుడ్’ అవుతుంది, ‘రేపు’ ‘ద నెక్స్ట్ డే’ అవుతుంది: ‘మామ వుడ్ బీ ఇన్ ఒంగోల్ ద నెక్స్ట్ డే, మై బ్రదర్ సెడ్. అత్త హ్యాడ్ టోల్డ్ హిమ్.’

‘వస్తానన్నాడు’, ‘వస్తాడన్నాడు’ రెండూ ఇంగ్లీషులో ‘హీ సెడ్ హీ వుడ్ కమ్’ అయిపోతాయి. మొదటిదాంట్లో వచ్చేది చెప్పినవాడే, రెండోదాంట్లో ఇంకొకరు. రెండోదాంట్లో వచ్చేవాడి పేరు తప్పకుండా వేయాలి. నాకైతే ఎక్కువ అనువాదాలు తడబడేది ఇక్కడే అనిపిస్తుంది.

ప్రతి ‘అని’కీ ఒక ‘దట్’ ఉండాలనుకోవడం పొరపాటు. ‘వాన పడుతుందని కల్లంలో మిరపకాయలు ఎత్తేశారు’ అన్నచోట ఎవరూ ఏమీ అనలేదు. అది భయం, అందుకే ‘ఫియరింగ్ రెయిన్’ చాలు.