వడ్డీ పాఠానికి ఒక షీటు చాలు

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి దగ్గర హైస్కూలు. 9వ తరగతి పిల్లలకు ఇంటి బడ్జెట్, పొదుపు, బారువడ్డీ కలిపి రెండు పీరియడ్లలో చెప్పాలి. స్కూల్లో ఒక పాత ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ ఉన్నాయి, నెట్ వస్తుంది పోతుంది. గూగుల్ షీట్స్‌లో చేసి చూశాను, వడ్డీ ఒకసారి 13 రూపాయలు, ఇంకోసారి 3 కోట్లు వచ్చింది! యాప్‌లో లోపమా? పిల్లలకు అర్థమయ్యే లెక్క ఏదైనా చెప్పండి.
– ఒక టీచర్, గజపతి జిల్లా

జవాబు: యాప్ బాగానే ఉంది మేడమ్. అది మీరు ఇచ్చిన అంకెను వేరేగా అర్థం చేసుకుంది. ఎక్కడ పొరబడిందో చూసే ముందు లెక్క ఏం వేయాలో తేల్చుకుందాం.

పిల్లల సొంత ఇంటి ఆదాయం అడగవద్దు. క్లాసులో అది ఇబ్బంది పెడుతుంది, పైగా వచ్చే అంకెలు నిజం కావు. ఊహించిన ఒక కుటుంబాన్ని తీసుకోండి. అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది, నెలకు 6,000. నాన్న ఆటో నడుపుతాడు, ఇంధనం పోను 11,000. మొత్తం 17,000. అద్దె 2,500, తిండికి 8,000, కరెంటు, గ్యాస్, రీచార్జి కలిపి 1,600, ఆటో రిపేర్లకు 1,000, చదువులకు 1,200, మందులకు 700. ఆదాయం B1లో, ఖర్చులు B2 నుంచి B7 వరకు రాసి, మిగులుకు ఈ ఒక్క వరుస రాయండి:

```
=B1-SUM(B2:B7)
```

2,000 వస్తుంది. ఇప్పుడు ఖర్చుల మధ్యలో, అంటే B7కు పైన, దసరా కొత్త బట్టలకు 2,500 అనే వరుస చేర్చి, B1ని మార్చకుండా చూపించండి. మిగులు మైనస్ 500 అవుతుంది. "కానీ దసరాకి అమ్మకి కుట్టుపని ఎక్కువ వస్తుంది కదా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వచ్చిందంటే మొదటి పీరియడ్ పని అయినట్టే. ఆదాయం కూడా నెలకో రకంగా ఉంటుందని, అందుకే 2,000 మిగిలినా 1,200 మాత్రమే పక్కన పెట్టమని చెప్పవచ్చు.

రెండో పీరియడ్‌లో ఆ 1,200తోనే పని. అమ్మకు 12,000 రూపాయల మోటారు కుట్టుమిషన్ కావాలి. అప్పు చేసి ఇప్పుడే కొనాలా, పది నెలలు దాచి కొనాలా? ఊళ్లో దొరికే అప్పు రెండు రూపాయల వడ్డీకి. అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. పుస్తకంలో ఉండేదేమో సంవత్సరపు రేటు. ఎక్కువమంది పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. R దగ్గర 2 వేసి, T దగ్గర సంవత్సరాలు వేస్తారు.

అందుకే సూత్రంతో మొదలుపెట్టకుండా, నెలనెలా చూపించే పట్టిక వేయండి. ఖాళీ షీటులో F1లో 2 రాయండి. B2లో 12000. తర్వాత:

```
B3:  =B2-1200
C2:  =B2*$F$1/100
```

B3ని B11 వరకు, C2ని C11 వరకు కిందికి లాగండి. B వరుసలో ఉండేది ఆ నెల ఇంకా తీర్చాల్సిన అసలు. 12,000తో మొదలై పదో నెలకు 1,200కు దిగుతుంది. C వరుసలోని వడ్డీ మొదటి నెల 240, చివరి నెల 24. `=SUM(C2:C11)` వేస్తే మొత్తం 1,320. డాలరు గుర్తులు మరిచిపోతే రెండో నెల నుంచి వడ్డీ సున్నా అవుతుంది. కిందికి లాగినప్పుడు F1 కాస్తా ఖాళీగా ఉన్న F2, F3గా మారిపోతుంది కాబట్టి.

ఇక అసలు విషయం. కొందరు వాయిదాలు కట్టించుకుంటూనే, వడ్డీ మాత్రం మొత్తం 12,000 మీద పది నెలలకూ లెక్కిస్తారు. అప్పుడు నెలకు 240 చొప్పున 2,400 అవుతుంది. నోటిమాటగా రెండు రూపాయల వడ్డీయే, కానీ 1,080 ఎక్కువ. B వరుసను కూడమనండి: 66,000. 2,400ను 66,000తో భాగించి వందతో గుణిస్తే 3.64. అంటే నిజంగా కట్టింది నూటికి నెలకు మూడు రూపాయల అరవై నాలుగు పైసలు. దీనికి పది నిమిషాలైనా ఇవ్వండి. తొందరపడితే మిగతా పాఠమంతా అంకెల గోలే.

దాచుకునే లెక్కకు కొత్త షీటు అక్కర్లేదు. B2లో 1200, B3లో `=B2+1200` పెట్టి మళ్లీ లాగండి. ఇప్పుడు డబ్బు పెరుగుతూ 12,000కు చేరుతుంది, కూడిక మాత్రం అదే 66,000. పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాకు ఏడాదికి 4 శాతం కాబట్టి F1లో దాన్ని 12తో భాగించి వేయాలి. వడ్డీ 220 వస్తుంది.

మీకు 3 కోట్లు వచ్చింది ఈ గడిలోనే అయి ఉంటుంది. 4/12 అని రాస్తే షీట్స్ దాన్ని తేదీ అనుకుంటుంది. లోపల తేదీ అంటే 1899 చివరి నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య, ఇప్పుడు 46,000 దరిదాపు. దానితో గుణిస్తే కోట్లు రాక ఏమవుతుంది? ముందు సమానం గుర్తు పెట్టి `=4/12` అని రాయండి. అప్పుడు గడిలో 1899 నాటి తేదీ కనిపించినా కంగారు వద్దు, Format లో Number, అందులో Automatic ఎంచుకుంటే 0.33 చుట్టూ అంకె కనిపిస్తుంది. 13 రూపాయలది ఇంకో కథ. 2 బదులు 2% అని రాస్తే లోపల అది 0.02 అవుతుంది. సూత్రంలో మళ్లీ వందతో భాగిస్తాం కాబట్టి 1,320 కాస్తా 13.20 అయింది. 12వ భాగం మరిచి ఉత్త 4 వేస్తే 2,640 వస్తుంది. పోస్టాఫీసు ఇచ్చే వడ్డీ అప్పు వడ్డీని దాటిందంటే ఎక్కడో తప్పు జరిగిందని పిల్లలే పట్టుకుంటారు.

ఈ 220 రావాలంటే ప్రతి నెలా 10వ తేదీలోపు డబ్బు కట్టాలి. 10వ తేదీ ముగిశాక నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న కనీస మొత్తానికే పోస్టాఫీసు వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీ జమయ్యేది కూడా ఆర్థిక సంవత్సరం చివర్లోనే. పైగా ఖాతాలో 500 ఎప్పుడూ ఉండాలి కాబట్టి, పదో నెలలో చేతికి వచ్చేది 11,500 మాత్రమే. మిషన్‌కు 500 తక్కువ పడుతుంది! మొదటి నెల మిగులు 2,000లో 1,700 కట్టి ఆ 500 ముందే సర్దుకోవచ్చని పిల్లల చేతే చెప్పించండి. పదేళ్లు నిండిన పిల్లలు ఈ ఖాతా తమ పేరునే తెరవవచ్చు. రికరింగ్ డిపాజిట్‌ను మాత్రం ఈ పట్టికలో కలపవద్దు, దానికి మూడు నెలలకోసారి చక్రవడ్డీ కడతారు, లెక్క కలవదు.

నెట్ నమ్మకం లేదంటున్నారు కాబట్టి ల్యాప్‌టాప్‌లో లిబ్రే ఆఫీస్ కాల్క్ వేసుకోండి. ఉచితం, పైన రాసిన సూత్రాలన్నీ అలాగే పనిచేస్తాయి. షీట్స్‌లోనే చేస్తానంటే ఆ ఫైలుకు ముందు రోజే Make available offline నొక్కి ఉంచండి. అంకె పక్కన 'రూ.' అని మాత్రం టైపు చేయవద్దు, గడి అక్షరాల గడి అయిపోయి #VALUE! అని వస్తుంది, SUM అయితే ఆ గడిని లెక్కలోనే వేసుకోదు. అంకె గడిలో ఎడమవైపుకు అతుక్కుని ఉంటే అదే గుర్తు. అసలైన అంకె కుడివైపు నిలబడుతుంది.